ఓటీపీ రాలేదా? కంబదూరు రైతులు చేయవలసినవి - చేయకూడనివి

పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతలుగా పడతాయి. 2025 ఆగస్టు 2న అన్నదాత సుఖీభవ మొదలైనప్పుడు రాష్ట్రం వాటా 5,000, కేంద్రం వాటా 2,000 ఒకేసారి జమ అయ్యాయి. పీఎం కిసాన్ డబ్బు చేతికి రావాలంటే ముందు ఈ-కేవైసీ కావాలి. కంబదూరు మండలంలో చాలామందికి ఆ పని సాఫీగా సాగి సాగి ఒకచోట ఆగిపోతుంది. ఆధార్ నంబరు కొట్టడం అయింది, బొత్తాం నొక్కడం అయింది, ఆరంకెల ఓటీపీ మాత్రం రాదు.

“వచ్చిందా అవ్వా?”

“ఇంగా రాలే నాయనా. ఇంగోసారి నొక్కు.”

ఈ రెండో మాటతోనే అసలు చిక్కు మొదలవుతుంది. ఓటీపీ ఆలస్యం కావడం వల్ల జరిగే నష్టం తక్కువ. అది రాలేదన్న కంగారులో మనం చేసే పనుల వల్లే నష్టం ఎక్కువ. అందుకని ఓటీపీ ఎక్కడ ఆగిందో ముందు తెలుసుకోవాలి. దారిలో ఆగిందా, ఫోనులోనే దాక్కుందా, సిమ్ దగ్గర ఆగిందా, లేక ఇంకొకరి ఫోనుకి పోయిందా? ఆ నాలుగింటిలో ఏదో తేలితే మందు సులువుగానే దొరుకుతుంది.

ఒక్కసారే నొక్కండి

ఒక రైతమ్మ సంగతి తీసుకుందాం. పదకొండు గంటల రెండు నిమిషాలకు ఓటీపీ కోసం నొక్కారు. రాలేదు. నిమిషం ఆగి మళ్ళీ నొక్కారు. ఇంకో నిమిషానికి మూడోసారి. గదిలో సిగ్నల్ ఒక్క గీతే ఉంది. పదకొండూ తొమ్మిదికి ఆమె బయటికొచ్చి నిలబడగానే మూడు మెసేజీలూ టకటకా వచ్చి పడ్డాయి. పైనున్న అంకెలు కొడితే తప్పన్నది. రెండోది కొట్టారు, అదీ తప్పే. మూడోది కొట్టేలోపు పేజీ గడువు అయిపోయి మళ్ళీ మొదటికొచ్చింది.

ఇక్కడ ఎవరూ మోసం చేయలేదు, యంత్రమూ చెడిపోలేదు. కొత్త ఓటీపీ అడిగితే మామూలుగా పాతది చెల్లకుండా పోతుంది. మెసేజీలు మాత్రం మనం అడిగిన వరుసలోనే వస్తాయన్న పూచీ లేదు. మూడోసారి అడిగింది ముందొచ్చి, మొదటిసారి అడిగింది చివర రావచ్చు. అలాంటప్పుడు ఇన్‌బాక్సులో పైనున్నదే తాజాదని నమ్మడానికి వీల్లేదు.

మెసేజీ నేరుగా మన ఫోనుకి రాదు. ముందు టెలికాం కంపెనీ మెసేజీ కేంద్రానికి చేరుతుంది. ఆ సమయానికి మన ఫోను నెట్‌వర్కుకి అందకపోతే కేంద్రం దాన్ని దాచిపెట్టుకుని కాసేపాగి మళ్ళీ పంపి చూస్తుంది. అప్పుడూ అందకపోతే ఇంకొంచెం ఎక్కువసేపు ఆగుతుంది. మన ఫోను మళ్ళీ టవరుకి తగిలినప్పుడు “మనిషి దొరికాడు” అని నెట్‌వర్కు ఆ కేంద్రానికి చెబుతుంది, దాచిన మెసేజీలన్నీ అప్పుడు కదులుతాయి. ఆమె బయటికి రాగానే మూడూ ఒక్కసారే పడింది అందుకే.

కాబట్టి ఇలా చేయండి. బొత్తాం నొక్కేముందే స్లాబు కింద నుంచి బయటికి, సిగ్నల్ బాగున్న చోటికి రండి. ఒక్కసారి నొక్కండి. రెండు మూడు నిమిషాల్లో రాకపోతే ఫ్లైట్ మోడ్ వేసి, పదిహేను సెకన్లు ఆగి తీసేయండి. ఫోను టవరుకి కొత్తగా తగులుకుంటుంది, ఆగిన మెసేజీ ఉంటే అప్పుడు వస్తుంది. కీప్యాడ్ ఫోనయితే స్విచాఫ్ చేసి మళ్ళీ వేయండి. ఆధార్ ఓటీపీ పది నిమిషాలు చెల్లుతుంది గనక తొందర అక్కర్లేదు. ఇప్పటికే రెండు మూడు సార్లు నొక్కేసి మెసేజీలు కలగాపులగం అయిపోయాయా? వాటినన్నిటినీ వదిలేయండి. పది నిమిషాలాగి, పేజీ మళ్ళీ తెరిచి, ఒక్కటంటే ఒక్కటే అడగండి.

పావగడ వైపు పొలాల్లో ఫోను కర్ణాటక టవరు పట్టుకుని రోమింగ్ అని చూపిస్తే ఓటీపీ రాదని కొందరు అనుకుంటారు. రోమింగులోనూ మెసేజీలు వస్తాయి, వాటికి డబ్బు కట్టక్కర్లేదు. ఆ భయం వదిలేయవచ్చు.

ఒక్కోసారి తప్పు మనవైపు అసలు ఉండదు. 2021 మార్చి 8న దేశమంతటా ఓటీపీలు ఆగిపోయాయి. వాణిజ్య మెసేజీల పాఠాన్ని సంస్థలు ముందే నమోదు చేయాలని, నమోదైన పాఠంతో సరిపోలని మెసేజీని టెలికాం కంపెనీలు ఆపేయాలని ట్రాయ్ పెట్టిన నిబంధన ఆ రోజు గట్టిగా అమల్లోకి వచ్చింది. చాలా సంస్థలు నమోదు సరిగా చేసుకోలేదు. బ్యాంకు ఓటీపీలు, ఆధార్ ఓటీపీలు, అప్పుడే మొదలైన కోవిన్ టీకా ఓటీపీలు అన్నీ దారిలోనే రాలిపోయాయి. మర్నాడే ట్రాయ్ దాన్ని ఏడు రోజులు నిలిపేయాల్సి వచ్చింది. ఆ జల్లెడ ఇప్పుడూ ఉంది. ఒకే సంస్థ ఓటీపీ పక్కవాళ్ళ ఫోన్లకీ రాకపోతే, మన ఫోనుతో కుస్తీ పట్టకుండా మరుసటి పూటకి వాయిదా వేయడమే మంచిది.

పక్కమనిషితో ఒక మెసేజీ పంపించుకోండి

ఇది నిమిషంలో తేలే పరీక్ష. పక్కనున్నవాళ్ళను మీ నంబరుకి మామూలు ఎస్ఎమ్ఎస్ ఒకటి పంపమనండి. వాట్సాప్ కాదు. అది వస్తే సిమ్మూ సిగ్నలూ బాగున్నట్టు, తప్పు ఫోను లోపలో నంబరు దగ్గరో ఉన్నట్టు. అది కూడా రాకపోతే సిమ్ము సంగతి చూడాలి.

ఫోనులోనే దాక్కుందేమో చూడండి

టచ్ ఫోన్లలో చాలావాటికి గూగుల్ మెసేజెస్ యాపే ఉంటుంది. అందులో చెత్త మెసేజీలను వేరుచేసే ఏర్పాటు ఉంది. అది అప్పుడప్పుడు ఓటీపీని కూడా చెత్తలోకి తోసేస్తుంది, అలా తోసినప్పుడు ఫోను టింగ్‌మని మోగదు. పైన కుడివైపు మీ బొమ్మ ఉన్న గుండ్రం నొక్కితే Spam & blocked అని కనిపిస్తుంది. అందులోకి వెళ్ళి చూడండి. ఓటీపీ అక్కడుంటే తెరిచి, చెత్త కాదని గుర్తు పెట్టండి. ఎప్పుడో విసుగొచ్చి ఆ పంపినవారినే బ్లాక్ చేసి ఉంటే ఆ మెసేజీలూ అక్కడే పడుతుంటాయి.

“నిన్న వచ్చింది, ఈరోజు చూస్తే లేదు” అనేవాళ్ళు ఉంటారు. ఓటీపీలను 24 గంటల తరువాత తనంతట తానే చెరిపేసే వీలు ఆ యాపులోనే ఉంది. పిల్లలెవరో దాన్ని ఆన్ చేసి ఉంటారు. నిన్నటి ఓటీపీ ఎలాగూ పనికిరాదు గనక దానివల్ల నష్టం లేదు. ఐఫోనులో అయితే తెలియని నంబర్ల మెసేజీలు వేరే జాబితాలోకి పోవచ్చు, అక్కడా వెతకాలి.

కీప్యాడ్ ఫోనులో జబ్బు వేరు. అందులో మెసేజీలకు చోటు చాలా తక్కువ. రీచార్జి ప్రకటనలతో అది నిండిపోతే కొత్త మెసేజీ లోపలికి రాదు. తెరమీద కవరు బొమ్మ ఆరుతూ వెలుగుతూ ఉన్నా, మెమరీ ఫుల్ అని చూపినా సంగతి అదే. పాత మెసేజీలు ఒక ఇరవై చెరిపేస్తే బయట కాచుకున్నది వచ్చేస్తుంది. ముసలివాళ్ళ ఫోన్లలో నేను ముందు చూసేది దీన్నే.

1909కి చెప్పి డీఎన్‌డీ పెట్టించుకున్నాం కాబట్టి ఓటీపీ రాదని కొందరు దాన్ని తీయించేస్తారు. అలా చేయకండి. డీఎన్‌డీ ప్రకటనలను ఆపుతుంది, ఓటీపీని ఆపదు. తీసేస్తే ప్రకటనలు పెరిగి ఆ కీప్యాడ్ ఫోను ఇంకా తొందరగా నిండుతుంది.

వచ్చిన మెసేజీ పేరు కూడా చూసుకోవాలి. బ్యాంకులు, ప్రభుత్వ సంస్థలు పంపే మెసేజీ పది అంకెల నంబరు నుంచి రాదు. రెండక్షరాలు, గీత, సంస్థ పేరుకు గుర్తుగా కొన్ని అక్షరాలు ఉంటాయి. 2025 నుంచి చివర ఇంకో గీత, ఒక అక్షరం చేరాయి. P అంటే ప్రకటన, S అంటే సేవ, T అంటే లావాదేవీ, G అంటే ప్రభుత్వం. చివర P ఉన్నదాంట్లోనో, మామూలు పదంకెల నంబరు నుంచో “మీ పీఎం కిసాన్ ఓటీపీ, ఈ లింకు నొక్కండి” అని వస్తే ఆ లింకు నొక్కకండి.

సిమ్ మార్చిన రోజు ఆగండి

సిమ్ పోతేనో, విరిగితేనో కల్యాణదుర్గం పోయి అదే నంబరు మీద కొత్త సిమ్ తెచ్చుకుని, ఆ మధ్యాహ్నమే ఈ-కేవైసీకి కూర్చునేవాళ్ళు ఉంటారు. ఓటీపీ రాదు. సిమ్ మార్చాక 24 గంటలు ఎస్ఎమ్ఎస్‌లు ఆపేయాలని టెలికాం శాఖ 2022లో ఆదేశించింది. మాటలు కలుస్తాయి, మెసేజీలు కలవవు. మన పేరుతో దొంగ సిమ్ తీసుకున్నవాడికి మన ఓటీపీలు వెంటనే చేరకూడదని పెట్టిన అడ్డు ఇది. మర్నాడు దాకా ఆగితే సరిపోతుంది.

దీనికి రెండో పక్క కూడా ఉంది. మీరు సిమ్ మార్చలేదు, ఊళ్ళో అందరికీ సిగ్నల్ ఉంది, మీ ఒక్క ఫోనులోనే గంటలకొద్దీ నెట్‌వర్కు లేదు. అప్పుడు ఊరుకోకండి. ఇంకొకరి ఫోను నుంచి వెంటనే మీ టెలికాం కంపెనీకి ఫోన్ చేసి, ఈ నంబరు మీద కొత్త సిమ్ ఎవరైనా తీసుకున్నారా అని అడగండి. తీసుకున్నారంటే ఆ 24 గంటలే మీ చేతిలో ఉన్న సమయం. సిమ్ము ఆపించి, బ్యాంకుకు కూడా చెప్పేయాలి.

రీచార్జి గడువు దాటి కొన్నాళ్ళయితే వచ్చే మెసేజీలు కూడా ఆగిపోతాయి. 90 రోజులు అసలు వాడకుండా, బ్యాలెన్సు లేకుండా పడేసిన సిమ్ రద్దు కావచ్చు. రద్దయిన నంబరును కొంతకాలం పోయాక కంపెనీ ఇంకెవరికో ఇస్తుంది. ఆధార్‌కు ఆ నంబరే ఉంటే మీ ఓటీపీలు ముక్కూమొహం తెలియని మనిషి ఫోనులో మోగుతుంటాయి. శెనక్కాయ పంట పోయి బెంగళూరుకు పనికిపోయినవాళ్ళు అక్కడ కొత్త సిమ్ తీసుకుని పాతదాన్ని పెట్టెలో పడేయడం మామూలే. పెట్టెలో పడేసేముందు ఆధార్‌లో, బ్యాంకులో నంబరు మార్చుకోవాలి.

ఏ నంబరు ఉందో ఓటీపీ లేకుండానే తెలుసుకోండి

myaadhaar.uidai.gov.in లో Check Aadhaar Validity అనే చోట ఆధార్ నంబరు, అక్కడ చూపే అక్షరాలు కొడితే చాలు, ఆధార్‌కు తగిలించిన ఫోను నంబరులో చివరి మూడంకెలు కనిపిస్తాయి. అవి మీవి కాకపోతే ఇంక ఎన్నిసార్లు నొక్కినా ఓటీపీ మీకు రాదు. అక్కడ ఏ అంకెలూ లేకపోతే ఆధార్‌కు నంబరే లేదన్నమాట.

నంబరు మార్చుకోవడానికి ఆధార్ కేంద్రానికి పోవచ్చు. కాగితాలేవీ అక్కర్లేదు, వేలిముద్ర చాలు. 2025 అక్టోబరు నుంచి దీనికి రుసుము 75 రూపాయలు. నడవలేనివాళ్ళ ఇంటికొచ్చి పోస్ట్‌మ్యాన్ ఫోను నంబరు మార్చే వీలు ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు 2021లో మొదలుపెట్టింది. మీ పోస్టాఫీసులో అడిగి చూడండి. “ఇంట్లోంచే ఫోనులో మార్చేస్తాం, ఓటీపీ చెప్పు” అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి.

కొడుకు ఫోనుకి వచ్చే ఓటీపీ

ఆధార్‌కు ఇచ్చిన నంబరు బెంగళూరులో ఉన్న కొడుకు జేబులో ఉంటుంది, తల్లి రైతు సేవా కేంద్రంలో ఉంటుంది. “ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు” అనే సలహా ఈ ఇంట్లో అక్షరాలా నడవదు. నడవని సలహా ఇచ్చి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు. అయితే దానికో పద్ధతి ఉండాలి.

బొత్తాం నొక్కకముందే తల్లి తన గొంతుతో కొడుక్కి ఫోన్ చేయాలి. “ఇప్పుడు పెడ్తాండాం నాయనా, చూసుకో” అని చెప్పి, లైన్ పెట్టేయకుండా ఉండాలి. కొడుకు అంకెలు చెప్పేముందు మెసేజీ పూర్తిగా చదవాలి. ఆధార్ ఓటీపీయేనా, చివరి నాలుగంకెలు అమ్మ ఆధార్‌వేనా, బ్యాంకు పేరు గానీ రూపాయల లెక్క గానీ అందులో ఉందా అని చూసుకోవాలి. రూపాయల లెక్క ఉంటే అది ఈ-కేవైసీ ఓటీపీ కాదు. అంకెలు అమ్మకే చెప్పాలి, ఇంకెవరికీ కాదు. తల్లి ఫోన్ చేయకముందే ఎవరో ఫోన్ చేసి “మీ అమ్మ మా దగ్గరే ఉంది, పని ఆగిపోయింది, నంబరు చెప్పు” అంటే, కొడుకు ఆ ఫోను పెట్టేసి అమ్మకు తనే చేయాలి. ఓటీపీని వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు.

రాలేదన్న కంగారులో ఇవి చేయకండి

గూగుల్లో కస్టమర్ కేర్ అని వెతికి కనబడిన నంబరుకి ఫోన్ చేయకండి. దొంగలు అక్కడే కాచుకుని ఉంటారు. ఆధార్‌కు 1947, పీఎం కిసాన్‌కు 155261. ఈ రెండూ కాగితం మీద రాసుకోండి. వీటికి మనమే ఫోన్ చేయాలి.

“ఓటీపీ మెసేజీగా రాకపోతే కాల్‌లో వస్తుంది, ఇది నొక్కు” అని చెప్పి *401* తో మొదలయ్యే నంబరు కొట్టించే మోసం ఒకటుంది. అది కొడితే మన కాల్స్ అవతలివాడికి మళ్ళుతాయి, కాల్‌లో చెప్పే ఓటీపీ వాడి చెవిలో పడుతుంది. దీనివల్లే 2024 ఏప్రిల్ 15 నుంచి ఇలా కాల్స్ మళ్ళించే వీలును ఆపేయమని టెలికాం శాఖ కంపెనీలకు చెప్పింది. అయినా ఎవరు కొట్టమన్నా కొట్టకండి.

అన్నిటికంటే ప్రమాదం వాట్సాప్‌లో వచ్చే పీఎం కిసాన్ పేరున్న ఏపీకే ఫైలు. అది యాపులాగే ఇన్‌స్టాల్ అయి, మెసేజీలు చదవడానికి అనుమతి అడుగుతుంది. ఇచ్చామంటే మనకొచ్చే ప్రతి ఓటీపీ దొంగకు కూడా పోతుంది. కొన్ని మన తెరమీద కనిపించకుండా కూడా చేస్తాయి. అంటే ఓటీపీ రాకపోవడం ఒక్కోసారి ఇలాంటి యాపు ఫోనులో ఉందనడానికి గుర్తు. ఫోను సెట్టింగుల్లో Permission manager, అందులో SMS చూస్తే మెసేజీలు చదివే యాపులన్నీ కనిపిస్తాయి. మీరు ప్లేస్టోర్ నుంచి వేసుకోని యాపు అక్కడుంటే వెంటనే ఫ్లైట్ మోడ్ వేసి, దాన్ని తీసేసి, ఇంకో ఫోను నుంచి బ్యాంకుకు ఫోన్ చేయండి. డబ్బు పోయిందంటే 1930కి చెప్పండి. రిజర్వు బ్యాంకు 2017 నాటి నిబంధన ప్రకారం, మన నిర్లక్ష్యం వల్ల పోయిన డబ్బు కూడా మనం బ్యాంకుకు చెప్పేంతవరకు పోయినదే మన నష్టం. చెప్పిన తరువాత పోయింది బ్యాంకు భరించాలి. అందుకే గంట ముందు చెప్పినా లాభమే.

ఓటీపీ లేని దారులు

పీఎం కిసాన్ ఈ-కేవైసీకి ఓటీపీ ఒక్కటే దారి కాదు. వేలిముద్రతో రైతు సేవా కేంద్రంలోనో కామన్ సర్వీస్ సెంటర్‌లోనో చేయించుకోవచ్చు. కలుపు తీసీ తీసీ, శెనక్కాయ పెరికీ పెరికీ వేళ్ళ గీతలు అరిగిపోయినవాళ్ళకు బొటనవేలు పడకపోవచ్చు. చేతులు కడిగి తుడుచుకుని, పది వేళ్ళలో ఏది పడుతుందో ఓపికగా ఒక్కొక్కటే పెట్టి చూడమని అడగండి.

వేళ్ళు పడనివాళ్ళకు 2023 జూన్‌లో వచ్చిన ముఖం పద్ధతి ఉంది. ప్లేస్టోర్ నుంచి పీఎం కిసాన్ యాపు, దాంతోపాటు AadhaarFaceRD యాపు వేసుకుంటే చాలు. ఓటీపీ అక్కర్లేదు, వేలిముద్ర అక్కర్లేదు. వెలుతురు ముఖం మీద పడేలా నిలబడాలి, సూర్యుడు వీపు వెనక ఉంటే ముఖం నల్లగా వచ్చి యంత్రం గుర్తుపట్టదు. తలపాగా, కళ్ళద్దాలు తీసి, కన్ను ఆర్పమన్నప్పుడు ఆర్పాలి. ఒక రైతు తన ఫోనులోంచి ఇంకో వందమంది రైతులకు చేసిపెట్టే వీలు కూడా ఆ యాపులో ఇచ్చారు. టచ్ ఫోను లేని అవ్వకు నమ్మకమైన బంధువు ఫోను చాలు. ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకున్నవాళ్ళు మాత్రం ముందు దాన్ని తీయాలి, లేకపోతే ముఖమూ వేలూ రెండూ పడవు.

ఎంఆధార్ యాపులో టీఓటీపీ అని ఉంటుంది. ఎనిమిదంకెలు, 30 సెకన్లకోసారి మారుతుంది, ఫోనులోనే పుడుతుంది గనక మెసేజీ కోసం కాచుకోనక్కర్లేదు. అయితే యాపును మొదటిసారి తయారుచేసుకోవడానికి మామూలు ఓటీపీ ఒకసారి కావాలి. సిగ్నల్ బాగున్న రోజున ఆ పని చేసిపెట్టుకోవాలి. అన్ని వెబ్‌సైట్లూ దాన్ని తీసుకోవు.

గూగుల్ ఖాతాకు కూడా ఇలాంటి యాపు పెట్టుకోవచ్చు. దాంతోపాటు ఒక్కొక్కటి ఒక్కసారే పనికొచ్చే పది బ్యాకప్ కోడ్‌లు గూగుల్ ఇస్తుంది. బెంగళూరుకు పనికిపోయే పిల్లలు వాటిని కాగితం మీద రాసి, ఆధార్ కార్డున్న సంచిలో కాకుండా ఇంట్లో వేరే చోట పెట్టిపోవాలి. సిమ్ పోయిన రోజున ఖాతా తెరవడానికి ఆ కాగితం పనికొస్తుంది.